ఎముకకు పాకిన క్యాన్సర్ నొప్పి: ఒక్క రోజు రేడియేషన్, ఎముక బలానికి ఇంజెక్షన్ – ఎలా సిద్ధపడాలి?

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు నుంచి వచ్చే కుటుంబాలు నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడుగుతాయి. "సారూ, పది రోజులు రేడియేషన్ అన్నారు. అన్ని రోజులు హైదరాబాదులో ఎక్కడుండాలి? రోజూ బస్సులో తీసుకురావాలంటే మనిషి కూర్చోలేకపోతున్నాడు." ఒక్క రోజుతో కూడా అయిపోతుందని చెబితే ముఖాలు వాడిపోతాయి. "అంటే ఇక ఆశ లేదని తక్కువ వైద్యం చేస్తున్నారా?" అని రెండో ప్రశ్న వస్తుంది. నేను రేడియేషన్ వైద్యుణ్ణి, పుట్టింది నల్లగొండ జిల్లాలో. ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు చెప్పి చెప్పి, చివరికి మొత్తం క్రమాన్ని ఒకచోట రాసిపెట్టాలనుకున్నాను.

ముందుగా ఒక మాట. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, కిడ్నీ వంటి చోట్ల పుట్టిన క్యాన్సర్ ఎముకకు పాకి నొప్పి పెడుతున్నప్పుడు ఏం చేయాలన్నదే ఇక్కడి విషయం. ఈ రేడియేషన్ నొప్పి తగ్గించడానికి ఇచ్చేది. మూల జబ్బుకు వాడే మందులు వేరుగా కొనసాగుతాయి.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళదాం. దేవరకొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకామె. వయసు 61, బరువు 45 కిలోలు. కొన్నేళ్ల క్రితం రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఆరు నెలలుగా ఎడమ తుంటి దగ్గర నొప్పి. ఇంట్లో అందరూ "ఫ్లోరైడ్ నొప్పిలే" అనుకున్నారు. ఊళ్లో డాక్టరు వారానికి రెండు మూడుసార్లు నొప్పి ఇంజెక్షన్ చేస్తూ వచ్చారు. స్కాన్ తీశాక తేలింది, తుంటి పైనున్న వెడల్పాటి కటి ఎముకలో మచ్చ ఉందని.

వెంట తెచ్చుకోవలసినవి

పాత ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ రిపోర్టు, ఎక్స్‌రే ఫిల్ములు, స్కాన్ సీడీలు తీసుకురండి. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, బొమ్మలు కావాలి. ఇంతకుముందు ఎక్కడైనా రేడియేషన్ ఇచ్చి ఉంటే ఆ చికిత్స కాగితం తప్పనిసరి. అది లేకపోతే అదే చోట మళ్లీ ఎంత ఇవ్వవచ్చో మాకు తెలియదు. గత నెల రోజుల్లోపు చేయించిన రక్తపరీక్షల్లో క్రియాటినిన్, కాల్షియం ఉన్నాయో లేదో చూసుకోండి. వాడుతున్న మాత్రలన్నీ, నొప్పి మాత్రలు సహా, సంచిలో వేసుకుని రండి. ఆరోగ్యశ్రీ కింద వస్తుంటే చికిత్స మొదలుకాకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, అనుమతి ముందే తీసుకోవాలి. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి అయినా, ఇంకెక్కడైనా తెచ్చుకోవలసినవి ఇవే.

1. నొప్పి ఎక్కడిదో గుర్తించండి

మన జిల్లాల్లో ఇది మొదటి చిక్కు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వంటి చోట్ల బోరునీళ్లు తాగి పెరిగిన పెద్దవాళ్ల ఎముకల్లో ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మిషన్ భగీరథ నీళ్లు వచ్చినంత మాత్రాన పాతది ఎముకల్లోంచి వెంటనే పోదు. ఫ్లోరైడ్ నొప్పి సాధారణంగా ఏళ్ల నాటిది, రెండు వైపులా ఉంటుంది. మెడ, నడుము బిగుసుకుని వంగవు. క్యాన్సర్ పాకిన ఎముక నొప్పి వారాల్లో, నెలల్లో పెరుగుతుంది. వేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగలుగుతారు. పడుకున్నా తగ్గదు, రాత్రి ఎక్కువవుతుంది.

లక్షణాలను బట్టి అనుమానించవచ్చు గాని తేల్చలేము. క్యాన్సర్ చరిత్ర ఉన్నవారికి కొత్త ఎముక నొప్పి వస్తే బొమ్మ తీయించాల్సిందే. అక్కడా ఒక జాగ్రత్త ఉంది. ఫ్లోరోసిస్ ఉన్నవారి ఎముకలు ఎక్స్‌రేలో మామూలుకన్నా తెల్లగా కనిపిస్తాయి. బోన్ స్కాన్‌లో అస్థిపంజరం అంతా మెరుస్తుంది. స్కాన్ తీసేవారికి ఆ నేపథ్యం తెలియకపోతే ఉన్న మచ్చ కలిసిపోయి కనపడకపోవచ్చు, లేని జబ్బు ఒళ్లంతా ఉన్నట్టూ అనిపించవచ్చు. కాబట్టి "మాది ఫ్లోరైడ్ ఊరు, చిన్నప్పటి నుంచి బోరునీళ్లే తాగాం" అని స్కాన్ గదిలోనే చెప్పండి. అనుమానం తీరకపోతే సీటీ గాని ఎంఆర్ఐ గాని చేయించమంటారు.

2. ముందుగా రెండు ప్రమాదాలు లేవని తేల్చుకోండి

ఒక్క రోజు రేడియేషన్ మాట ఎత్తే ముందు ఈ రెండూ చూడాలి.

మొదటిది వెన్నుపాము. వెన్నెముక నొప్పి నడుము చుట్టూ పట్టీ బిగించినట్టు రావడం, కాళ్లలో బలం తగ్గడం, మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లు వంగిపోవడం, తొడల మధ్య మొద్దుబారడం, మూత్రం ఆగిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ రోజే, రాత్రయినా సరే, ఎంఆర్ఐ ఉన్న పెద్ద ఆసుపత్రికి బయలుదేరండి. నడుస్తూ వచ్చినవారు చికిత్స తర్వాత నడుస్తూ ఉండే అవకాశం ఎక్కువ. కాళ్లు పడిపోయాక వచ్చినవారిలో తిరిగి నడిచేవారు చాలా తక్కువ. "రేపు పొద్దున మొదటి బస్సుకు పోదాం" అనుకుని పోగొట్టుకున్న కాళ్లను నేను చూశాను.

రెండోది తొడ ఎముక విరిగే ప్రమాదం. నిలబడినప్పుడు, అడుగు వేసినప్పుడు మాత్రమే తొడలోనో గజ్జలోనో పోటు వస్తుంటే ఎముక బరువు మోయలేకపోతోందని అర్థం. ఎక్స్‌రేలోనో సీటీలోనో తొడ ఎముక గోడ 3 సెంటీమీటర్లకు మించిన పొడవున తినేసి ఉంటే, ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. అప్పుడు విరగకముందే రాడ్డు వేసి, గాయం మానాక రేడియేషన్ ఇవ్వడం మంచిది. అలాంటివారికి ఒక్క డోసు కాకుండా కొన్ని రోజుల చికిత్సే ఎంచుకుంటాం. రేడియేషన్ నొప్పి తగ్గిస్తుంది కాని ఎముకను వెంటనే గట్టిపరచదు. ఎముక తిరిగి కట్టుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నొప్పి తగ్గిందని ఆ లోపే బిందె ఎత్తుకున్నవారికి కాలు విరిగింది.

ఈ సమయంలో మాలిష్ చేయించవద్దు, నాటు కట్టు కట్టించవద్దు. బెణికిన కాలికి పనికొచ్చే లాగుడు పురుగు తిన్న దూలం లాంటి ఎముకను విరిచేస్తుంది.

మన ఉదాహరణలోని ఆమెకు మచ్చ కటి ఎముకలో ఉంది, తొడ ఎముక బాగుంది, కాళ్లలో బలం ఉంది. రెండు ప్రమాదాలూ లేవు.

3. "ఒక్క డోసు సరిపోతుందా?" అని నేరుగా అడగండి

రేడియేషన్‌ను గ్రే అనే కొలతలో ఇస్తారు. ఎముక నొప్పికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. ఒకే రోజు 8 గ్రే, 5 రోజుల్లో 20 గ్రే, 10 రోజుల్లో 30 గ్రే. అంకెలు చూసి పదిరోజులది బలమైనదని అనుకోవడం సహజం. కాని ఒకేసారి ఇచ్చే 8 గ్రే ప్రభావం, కొంచెం కొంచెంగా పంచి ఇచ్చే 8 గ్రే కన్నా చాలా ఎక్కువ. మోతాదును కూడికతో పోల్చకూడదు.

దీన్ని వేలమంది రోగుల మీద పోల్చి చూశారు. 1999లో ప్రచురితమైన ఒక్క నెదర్లాండ్స్ అధ్యయనంలోనే 1,171 మంది ఉన్నారు. అన్నీ కలిపి చూస్తే, ఒక్క రోజు ఇచ్చినా ఎక్కువ రోజులు ఇచ్చినా నూటికి సుమారు 60 మందికి నొప్పి తగ్గింది. తేడా ఒకచోట ఉంది. తర్వాత అదే ఎముకకు మళ్లీ రేడియేషన్ అవసరమైనవారు ఒక్క డోసు తీసుకున్నవారిలో నూటికి 20 మంది, ఎక్కువ రోజులు తీసుకున్నవారిలో 8 మంది. ఈ తేడాను మీ ముందు పెట్టకుండా ఒక్క డోసు మంచిదని చెప్పడం సరికాదు. మీరు తూచుకోవలసింది ఇదే: ఇప్పుడు పది ప్రయాణాలా, లేక ఇప్పుడు ఒకటి, అయిదుగురిలో ఒకరికి కొన్ని నెలల తర్వాత ఇంకొకటా? నా అభిప్రాయం అడిగితే, నొప్పితో కూర్చోలేని మనిషికి, ఊరు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటే, పై ప్రమాదాలు లేకపోతే ఒక్క డోసే మేలు.

ఒక్క డోసు వద్దనడానికి సరైన కారణాలు కూడా ఉన్నాయి. విరిగేలా ఉన్న ఎముక, ఆపరేషన్ చేసిన ఎముక, ఎముక దాటి కండలోకి పెద్ద గడ్డగా పెరిగిన జబ్బు, అదే చోట ఇంతకుముందు రేడియేషన్ తీసుకోవడం, వెన్నుపాము మీద ఒత్తిడి. పదిరోజులది రాసినప్పుడు "మా కేసులో ఒక్క డోసు ఎందుకు కుదరదు?" అని మర్యాదగానే అడగండి. కారణం ఉంటే డాక్టరు వీటిలో ఒకటి చెబుతారు.

4. ఆ రోజు ఏం జరుగుతుంది

ముందు ప్లానింగ్ సీటీ స్కాన్ తీసి, చర్మం మీద గుర్తులు వేస్తారు. కొన్నిచోట్ల అదే రోజు, కొన్నిచోట్ల మరునాడో ఆ తర్వాతో చికిత్స ఉంటుంది. మధ్యలో స్నానం చేసినా గుర్తులను రుద్దవద్దు. గుర్తులు చెరిగిపోతే మీరే పెన్నుతో దిద్దకండి, వచ్చి చెప్పండి.

ఖాళీ కడుపుతో రానవసరం లేదు. బల్ల గట్టిగా, చదునుగా ఉంటుంది. ఎముక నొప్పి ఉన్నవారికి దాని మీద కదలకుండా పడుకోవడమే అసలు కష్టం. చాలామంది ఇది తెలియక నొప్పి మాత్ర వేసుకోకుండా వస్తారు, బల్ల మీద కదులుతారు, పని ఆగిపోతుంది. మార్ఫిన్ మాత్ర వాడుతున్నవారు తమ మామూలు మోతాదును బల్ల ఎక్కడానికి అరగంట, ముప్పావుగంట ముందు వేసుకోండి. లోపల గడిపేది పావుగంట, కిరణం పడేది కొద్ది నిమిషాలే. అది పడుతున్నట్టు తెలియదు, కాలదు.

కటి ఎముకకు, నడుముకు ఇచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు వికారం, విరేచనాలు రావచ్చు. వాంతి మాత్ర ముందే రాయించుకోండి. జుట్టు ఊడదు. ఒంట్లో కిరణాలు మిగలవు, మనవళ్లను ఎత్తుకోవచ్చు. ఆ చోట చర్మం మీద పసుపు, బామ్, వేడి కాపు రెండు వారాలు వద్దు.

5. మొదటి వారం: నొప్పి పెరిగితే బెదరకండి

చికిత్స అయిన మొదటి అయిదు రోజుల్లో ముగ్గురిలో ఒకరికి దాదాపు అదే చోట నొప్పి పెరుగుతుంది. ఒకటి రెండు రోజులు ఉండి తగ్గిపోతుంది. దీన్ని ముందు చెప్పకపోతే ఇంట్లోవాళ్లు "రేడియేషన్ వికటించింది" అనుకుంటారు, మార్ఫిన్ ఆపేస్తారు. అది పెద్ద పొరపాటు. ఆ రోజుల్లోనే నొప్పి మాత్ర గడియారం ప్రకారం వేయాలి.

ఈ పెరుగుదలను తగ్గించడానికి డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాముల మాత్రలు, రేడియేషన్‌కు గంట ముందు ఒకసారి, తర్వాత నాలుగు రోజులు పొద్దున ఒక్కోసారి ఇచ్చే పద్ధతి ఉంది. అందరికీ అవసరం లేదు. ఇది స్టెరాయిడ్. షుగర్ పెరుగుతుంది, కడుపులో పుండున్నవారికి మంచిది కాదు. కాబట్టి డాక్టరు రాస్తేనే వాడండి, రాసిన రోజుకు ఆపండి.

నొప్పి పెరగడం మామూలే. కాళ్లు బలహీనపడడం, మూత్రం ఆగడం, ఉన్నట్టుండి అడుగు వేయలేకపోవడం మామూలు కాదు. అప్పుడు 2వ మెట్టుకు తిరిగి వెళ్లండి.

6. పని చేసిందో లేదో కొలవండి

"కొంచెం నయమే" అన్న మాటతో మాకు ఏమీ తెలియదు. 0 నుంచి 10 వరకు నొప్పిని చెప్పమంటే పెద్దవాళ్లు తడబడతారు. నేను రూపాయితో అడుగుతాను. "భరించలేని నొప్పి రూపాయి అనుకుంటే, నిన్నటి నుంచి ఎక్కువలో ఎక్కువ ఎంత వచ్చింది? పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?" పది పైసలకు ఒక అంకె చొప్పున రాసుకోండి. రేడియేషన్ ఇచ్చిన చోటి నొప్పినే రాయాలి. మోకాళ్ల నొప్పి, ఫ్లోరైడ్ నడుము నొప్పి ఇందులో కలపకూడదు. పక్కనే ఆ రోజు ఎన్ని మార్ఫిన్ మాత్రలు వేశారో రాయండి. ఈ రెండో అంకె లేకపోతే మొదటిదానికి విలువ లేదు, ఎందుకంటే మాత్రలు రెట్టింపు చేసినా నొప్పి తగ్గుతుంది.

ఉపశమనం వారం నుంచి మూడు వారాల్లో మొదలవుతుంది. తీర్పు చెప్పేది నాలుగో వారం దాటాకే. మాత్రలు పెంచకుండా నొప్పి రెండు అంకెలు, అంటే ఇరవై పైసలు తగ్గితే పని చేసినట్టు. నొప్పి పెరగకుండా మార్ఫిన్ పావు వంతు తగ్గించగలిగినా పని చేసినట్టే. మాత్రలు పెంచకుండానే నొప్పి సున్నా అయితే పూర్తిగా తగ్గినట్టు.

మన ఉదాహరణ చూడండి. చికిత్స రోజు 80 పైసలు, రోజుకు ఆరు మార్ఫిన్ మాత్రలు. రెండో రోజు 90 పైసలు. పదో రోజుకు 60. నాలుగు వారాలకు 30 పైసలు, మూడు మాత్రలు. కుటుంబం రెండో రోజు అంకె చూసి తీర్మానించి ఉంటే చికిత్స విఫలమైందనే అనుకునేవారు.

నాలుగు వారాలకూ మార్పు లేకపోతే, లేదా తగ్గి కొన్ని నెలలకు తిరిగి వస్తే, అదే చోట రెండోసారి ఇవ్వవచ్చు. మొదటిదానికి, రెండోదానికి మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. మొదటిసారి తగ్గనివారిలో కూడా కొందరికి రెండోసారి తగ్గుతుంది.

మార్ఫిన్‌ను ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం తగ్గించండి. ప్రతిసారీ హైదరాబాదు రావాలా అంటే, ముందు మీ జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉందేమో, అక్కడ మార్ఫిన్ దొరుకుతుందేమో కనుక్కోండి.

7. ఎముక ఇంజెక్షన్‌కు ముందు మూడు పరీక్షలు

ఇది రేడియేషన్‌కు బదులు కాదు, నొప్పి ఇంజెక్షన్ అసలే కాదు. క్యాన్సర్ కణాలు ఎముకను తినే కణాలను రెచ్చగొడతాయి. ఆ తినే కణాలను ఈ మందు అణచివేస్తుంది. దానివల్ల ఎముక విరిగే ప్రమాదం, మళ్లీ రేడియేషన్ అవసరమయ్యే అవకాశం తగ్గుతాయి. పూర్తిగా పోవు. రేడియేషన్ ఒక చోటికే. ఇంజెక్షన్ అస్థిపంజరం అంతటికీ. అందుకే రెండూ అవసరం కావచ్చు, ఒకదానికొకటి అడ్డం కావు.

మందులు ప్రధానంగా రెండు. జోలెడ్రోనిక్ ఆసిడ్ 4 మిల్లీగ్రాములు నరంలోకి డ్రిప్‌గా. డెనోసుమాబ్ 120 మిల్లీగ్రాములు చర్మం కింద. ఇవే మందులు క్యాన్సర్ లేకుండా వయసుతో ఎముకలు గుల్లబారినవారికి వేరే మోతాదుల్లో దొరుకుతాయి: జోలెడ్రోనిక్ ఏడాదికి ఒకసారి 5 మిల్లీగ్రాములు, డెనోసుమాబ్ ఆరు నెలలకు 60. మందుల షాపులో పేరు చూసి ఇచ్చేస్తే ఈ రెండూ తారుమారవుతాయి. పెట్టె మీద అంకె మీరే చదవండి. ఇంకొక విషయం: హార్మోన్ ఇంజెక్షన్‌కు ఇంకా లొంగుతున్న ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఈ పెద్ద మోతాదు వాడకం అవసరం లేదు. లొంగడం మానేశాకే దాని ఉపయోగం.

పళ్లు. ఈ మందులు వాడుతున్నవారిలో కొద్దిమందికి దవడ ఎముక చిగురులోంచి బయటపడి మానకుండా ఉండిపోతుంది. ముఖ్యంగా మందు మొదలయ్యాక పన్ను పీకించుకున్నవారికి. కనుక పీకవలసినవి ముందే పీకించాలి. ఫ్లోరైడ్ వల్ల గారపట్టిన పళ్లను చూసి "ఇవి ఎప్పుడూ ఇంతే" అని వదిలేయకండి. విరిగి వేరు మిగిలిన పన్ను, కదిలే పన్ను, చీము పట్టిన చిగురు ఉన్నాయేమో డెంటిస్టుకు చూపించండి. మన ఉదాహరణలోని ఆమెకు కింది దవడలో ఒక వేరు మిగిలి ఉంది. తీయించి, చిగురు పూర్తిగా మూసుకునే వరకు మూడు వారాలు ఆగాం. రేడియేషన్‌ను దాని కోసం ఆపలేదు.

కిడ్నీలు. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఆమె క్రియాటినిన్ 1.0. రిపోర్టులో నార్మల్ అని ఉంది. కాని చిన్న ఒంటి ముసలివారిలో ఆ అంకె మోసం చేస్తుంది. లెక్క ఇలా కట్టాలి:

(140 − వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్). ఆడవారికి వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి.

ఆమెకు: 79 × 45 ÷ 72 = 49.4. దాన్ని 0.85తో హెచ్చిస్తే 42. అంటే కిడ్నీల పని తగ్గింది. నెలల తరబడి చేయించుకున్న నొప్పి ఇంజెక్షన్లు కూడా దానికి కారణమై ఉండవచ్చు. జోలెడ్రోనిక్ మోతాదు ఈ అంకెను బట్టి మారుతుంది: 60 దాటితే 4 మిల్లీగ్రాములు, 50 నుంచి 60 అయితే 3.5, 40 నుంచి 49 అయితే 3.3, 30 నుంచి 39 అయితే 3. అంతకన్నా తక్కువైతే ఇవ్వకూడదు. ఆమెకు ఇవ్వవలసింది 3.3. సీసాలోని 5 మిల్లీలీటర్లలో 4.1 మాత్రమే తీయాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు అప్పటి నుంచి పూర్తిగా మాన్పించాం.

కాల్షియం, విటమిన్ డి. మందు ఎముకలోంచి కాల్షియం బయటికి రాకుండా ఆపుతుంది. ఒంట్లో నిల్వ తక్కువైతే రక్తంలో కాల్షియం పడిపోతుంది. మన దగ్గర పెద్దవాళ్లలో విటమిన్ డి లోపం చాలా మామూలు. తక్కువుంటే ముందు సరిచేసి, తర్వాతే ఇంజెక్షన్. ఆ తర్వాత రోజూ కనీసం 500 మిల్లీగ్రాముల కాల్షియం, 400 యూనిట్ల విటమిన్ డి కొనసాగాలి. రక్తంలో కాల్షియం ముందే ఎక్కువగా ఉన్నవారికి మాత్రం ఈ మాత్రలు ఇవ్వకూడదు. అందుకే పరీక్ష చేయకుండా మొదలుపెట్టవద్దు. ఎక్స్‌రేలో ఫ్లోరైడ్ ఎముక తెల్లగా, దట్టంగా కనిపించిందని "ఎముక గట్టిగానే ఉంది, ఇంజెక్షన్ ఎందుకు?" అనేవారుంటారు. ఆ ఎముక దట్టంగా ఉన్నా పెళుసుది.

8. ఇంజెక్షన్ రోజు, ఆ తర్వాత

ఆ రోజు నీళ్లు బాగా తాగి రండి. జోలెడ్రోనిక్‌ను 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి కనీసం 15 నిమిషాలు ఎక్కించాలి. తొందరగా తోస్తే కిడ్నీ దెబ్బతింటుంది. రింగర్ లాక్టేట్ సీసాలో కలపకూడదు, అందులో కాల్షియం ఉంటుంది. మీ ఊరి దగ్గరి క్లినిక్‌లో ఎక్కిస్తుంటే మోతాదు, సెలైన్ పేరు, నిమిషాలు కాగితం మీద రాయించుకుని వెళ్లి చూపించండి.

మొదటి డోసు తర్వాత రాత్రి జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. పారాసిటమాల్‌తో రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి, తర్వాతి డోసులకు ఇంతగా రావు. పెదవుల చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు కొంకర్లు పోవడం కనిపిస్తే అది కాల్షియం పడిపోవడం. అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

ఎన్నాళ్లకొకసారి? మొదట్లో ప్రతి 3, 4 వారాలకు ఇచ్చేవారు. 2017లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో 12 వారాలకు ఒకసారి ఇచ్చినా ఎముకల రక్షణ తగ్గలేదు. దూరం నుంచి వచ్చేవారు "మూడు నెలలకొకసారి కుదురుతుందా?" అని అడగవచ్చు. ప్రతి డోసుకు ముందు క్రియాటినిన్ చూడాలి. మొదట నార్మల్‌గా ఉన్నది 0.5 పెరిగితే ఆ డోసు ఆపాలి.

డెనోసుమాబ్ కిడ్నీలను బట్టి మార్చనవసరం లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి ఇది దారి. కాని అలాంటివారిలోనే కాల్షియం ప్రమాదకరంగా పడిపోతుంది, కాబట్టి రక్తపరీక్షలు ఇంకా ఎక్కువ కావాలి. దీన్ని నాలుగు వారాలకొకసారి తీసుకోవాలి. డబ్బు లేకనో, నొప్పి తగ్గిందనో మధ్యలో మానేస్తే ఎముక వేగంగా అరిగి వెన్నుపూసలు విరగవచ్చు. చివరి వరకు కొనలేమనుకుంటే మొదలుపెట్టే ముందే చెప్పండి, జోలెడ్రోనిక్‌తోనే మొదలుపెడతారు. తప్పనిసరై డెనోసుమాబ్ ఆపాల్సి వస్తే దాని బదులు ఏమివ్వాలో డాక్టరే చూడాలి.

మందు నడుస్తున్నన్నాళ్లూ పన్ను నొప్పి వస్తే, పీకించే ముందు డెంటిస్టుకు ఈ ఇంజెక్షన్ పేరు చెప్పండి. చిగురు పుండు ఎనిమిది వారాలైనా మానకపోతే, ఎముక బయటికి కనిపిస్తే వెంటనే చూపించాలి.

మన ఉదాహరణలోని ఆమెకు రేడియేషన్ జరిగిన నాలుగో వారంలో మొదటి ఇంజెక్షన్ పడింది. రెండోదానికి 12 వారాల తర్వాత వచ్చినప్పుడు క్రియాటినిన్ 0.9, బరువు ఒక కిలో పెరిగింది. లెక్క మళ్లీ కడితే 48 వచ్చింది, మోతాదు 3.3 దగ్గరే ఉంది. కుడిచేతిలో కర్ర పట్టుకుని ఆర్టీసీ బస్సు దిగి తనే నడిచి వచ్చింది. నొప్పి ఎడమ తుంటిలో గనక కర్ర కుడిచేతిలో ఉండాలని మొదటి రోజే చెప్పాం. నోట్‌బుక్కులో ఆ వారం అంకెలు అన్నీ 20 పైసలే, ఒక్క ఆదివారం తప్ప. ఆ ఆదివారం పక్కన కూతురు రాసింది: "పత్తి ఏరడానికి పోయింది, 50."